మీటర్ నల్ల ప్రోబ్ ఎక్కడ పెడతారు? జూనియర్ పీఎల్‌సీ ఇంటర్వ్యూలో నన్ను ఇరుకున పెట్టిన ప్రశ్నలు

సిరి_ఈఈఈ
అందరికీ నమస్తే. నిన్న జూనియర్ పీఎల్‌సీ ఇంజనీర్ ఇంటర్వ్యూకి వెళ్ళొచ్చాను. పీఎల్‌సీ అంటే ఏంటి, అందులో ఏ భాగాలుంటాయి లాంటివి అడుగుతారనుకుని అవన్నీ బట్టీ పట్టి వెళ్ళాను. ఒక్కటీ అడగలేదు. ఆయన తెల్ల కాగితం మీద కన్వేయర్ మోటారు, పచ్చ స్టార్ట్ బటన్, ఎర్ర స్టాప్ బటన్, పెట్టెలు లెక్కపెట్టే ఒక సెన్సర్, 24 వోల్టుల కాయిల్ ఉన్న కాంటాక్టర్ గీశారు. అరగంట ఆ కాగితం చుట్టూనే తిప్పారు.

నేను తడబడినవి ఇవి. ఒకటి, స్టాప్ బటన్ ఎన్‌సీ కాంటాక్ట్‌తో వైరింగ్ చేశారు, మరి ల్యాడర్‌లో ఏ కాంటాక్ట్ వేస్తావు? రెండు, సెన్సర్ మీద లైటు వెలుగుతోంది కానీ పీఎల్‌సీ ఇన్‌పుట్ లైటు వెలగడం లేదు, ఏమై ఉంటుంది? మూడు, పీఎల్‌సీ అవుట్‌పుట్ లైటు వెలుగుతోంది కానీ కాంటాక్టర్ పడటం లేదు. నల్ల ప్రోబ్ సప్లై సున్నా మీద ఉంచి, కాయిల్ ఒక చివర ఏ1 దగ్గర ఎర్ర ప్రోబ్ పెడితే 24 వోల్టులు, రెండో చివర ఏ2 దగ్గర పెట్టినా 24 వోల్టులే. ఏంటి తప్పు?

మూడోదానికి నేను కాయిల్ షార్ట్ అయ్యిందన్నాను. ఆయన నవ్వి "సరే, ఇంకోటి చూద్దాం" అన్నారు. అప్పుడే అర్థమైపోయింది. అసలు జవాబులు చెప్తారా?

కిరణ్_04
అక్కా, ఏ సాఫ్ట్‌వేర్ మీద అడిగారు? వంద ప్రశ్నల పీడీఎఫ్ ఏదైనా ఉంటే పెట్టు ప్లీజ్. నాకు వచ్చే వారం ఉంది.

రఘు_ల్యాడర్
మొదటిది చాలా సింపుల్. బటన్ ఎన్‌సీ కాబట్టి ల్యాడర్‌లో కూడా ఎన్‌సీయే వేయాలి, అంటే గీత అడ్డంగా ఉన్నది. ఏ బొమ్మలో చూసినా స్టాప్ అలాగే ఉంటుంది. నేను ఆరు నెలల కోర్సులో రోజూ ఇదే వేశాను, పని చేసింది.

వాణి
రఘు గారూ, మీ కిట్‌లో పని చేసిందంటే నమ్ముతాను. కానీ సిరి కాగితం మీదున్న బటన్‌కి అది పని చేయదు. ఒక్కసారి కరెంటు దారి పట్టుకుని నడవండి. బటన్ ఎన్‌సీ. ఎవరూ నొక్కనప్పుడు దాని గుండా 24 వోల్టులు ఇన్‌పుట్‌కి వస్తూనే ఉంటాయి. కాబట్టి స్టాప్ ఇన్‌పుట్ I0.1 మామూలుగా 1. ల్యాడర్‌లో మీరు వేసే గుర్తు బటన్ బొమ్మ కాదు, ఆ బిట్‌ని అడిగే ప్రశ్న. అడ్డగీత లేని కాంటాక్ట్ "ఇది 1 గా ఉందా?" అని అడుగుతుంది. అడ్డగీత ఉన్నది "ఇది 0 గా ఉందా?" అని అడుగుతుంది. ఎవరూ స్టాప్ నొక్కకపోతేనే మోటారు తిరగాలి, అంటే బిట్ 1 గా ఉంటేనే. కాబట్టి వేయాల్సింది మామూలు కాంటాక్ట్. I0.0 స్టార్ట్, Q0.0 కాంటాక్టర్ అనుకోండి:

```
   I0.0        I0.1       Q0.0
---| |----+----| |--------( )
          |
   Q0.0   |
---| |----+
```

మీరు చెప్పినట్టు I0.1 దగ్గర `|/|` వేస్తే ఏమవుతుందో ఊహించండి. స్టార్ట్ నొక్కితే మోటారు కదలదు. స్టాప్ నొక్కి పట్టుకుని స్టార్ట్ నొక్కితే తిరుగుతుంది, స్టాప్ వదలగానే ఆగిపోతుంది. ఒక కొత్త ప్యానెల్ దగ్గర సరిగ్గా ఇదే జరిగితే, బటన్ చెడిపోయిందని ముగ్గురం కలిసి దాన్ని విప్పాం. అప్పుడు నేనూ కొత్తే.

రఘు_ల్యాడర్
ఇప్పుడే పాత ఫొటోలు చూశాను. మా కిట్‌లో ఎర్ర బటన్ కూడా ఎన్‌ఓయే! రంగు మాత్రమే ఎరుపు. అందుకే `|/|` పనిచేసింది. మరి పాత రిలే డ్రాయింగుల్లో స్టాప్‌ని ఎన్‌సీగానే గీస్తారు కదా, అదెలా?

వాణి
అక్కడ గీసేది నిజమైన బటన్నే, అందుకే. రిలే డ్రాయింగ్‌ని చూసి ఉన్నదున్నట్టు ల్యాడర్‌లోకి ఎక్కించేవాళ్ళందరూ ఇక్కడే పడతారు. ఇంటర్వ్యూ చేసేవాళ్ళకీ ఆ సంగతి తెలుసు, అందుకే ముందు ఇదే అడుగుతారు.

నైట్‌షిఫ్ట్
దీని వెనకే ఇంకో ప్రశ్న వస్తుంది సిరి: అసలు స్టాప్‌కి ఎన్‌సీ ఎందుకు? "సేఫ్టీ కోసం సర్" అని ఊరుకోకు. ఎన్‌ఓ పెట్టిన చోట వైరు తెగితే ఎవరికీ తెలియదు. మోటారు తిరుగుతూనే ఉంటుంది, ఆపాల్సిన రోజున నొక్కితే ఆగదు. ఎన్‌సీ అయితే వైరు తెగిన క్షణమే మోటారు ఆగుతుంది. ఆ మాట చెప్పు.

అక్కడితో ఆగితే సగం జవాబే. ఆ వైరు తెగకుండా, ఎక్కడో నలిగి పక్కనున్న 24 వోల్టుల వైరుకి తగిలితే? ఇన్‌పుట్ ఎప్పటికీ 1 గానే ఉంటుంది, బటన్ నొక్కినా మోటారు ఆగదు. అందుకే ఎమర్జెన్సీ స్టాప్‌ని మామూలు పీఎల్‌సీ ఇన్‌పుట్‌కి ఒక్క వైరుతో తెచ్చి "అయిపోయింది" అనకూడదు. దానికి రెండు చానెళ్ళతో సేఫ్టీ రిలే ఉండి, అదే నేరుగా కాంటాక్టర్ల సప్లై తీసేయాలి. పీఎల్‌సీకి సమాచారం కోసం ఒక కాంటాక్ట్ ఇస్తే చాలు.

ఇంకో సంగతి. పైన వాణి గారు Q0.0 కాంటాక్ట్‌ని స్టార్ట్ పక్కన వేసి మోటారుని పట్టి ఉంచారే, ఆ సీల్-ఇన్‌కే నా ఓటు. కరెంటు పోయి వస్తే Q0.0 సున్నా అయిపోతుంది, ఎవరో వచ్చి స్టార్ట్ నొక్కాలి. సెట్-రీసెట్ వేసి ఆ బిట్‌ని రిటెంటివ్‌గా పెట్టావనుకో, కరెంటు రాగానే కన్వేయర్ దానంతటదే కదులుతుంది.

వాణి
రిటెంటివ్ పెడితేనే కదా. సెట్-రీసెట్‌ని పూర్తిగా వద్దనడం నాకు నచ్చదు, పెద్ద ప్రోగ్రాంలో చదవడానికి అదే తేలిక. ఇది తెగే వాదన కాదులే. రెండో ప్రశ్నకి వెళ్దాం.

సిరి, ఆ సెన్సర్‌కి ఎన్ని వైర్లు గీశారు?

సిరి_ఈఈఈ
మూడు మేడం. గోధుమ రంగు, నీలం, నలుపు. నేను సెన్సర్ మార్చి చూస్తానన్నాను.

వాణి
లైటు వెలిగే సెన్సర్‌ని మార్చడం చివరి పని. గోధుమ రంగు వైరు ప్లస్, నీలం సున్నా, నలుపు సిగ్నల్. లైటు వెలిగిందంటే సప్లై అందుతోంది, ఎదురుగా పెట్టె ఉన్నట్టు సెన్సర్ కనిపెట్టింది. తెలిసింది అంతవరకే. ఆ సంగతి పీఎల్‌సీకి చేరిందని ఆ లైటు చెప్పదు.

ఇక్కడ రెండు అనుమానాలు వస్తాయి. మొదటిది, సెన్సర్ ఒక రకం, ఇన్‌పుట్ కామన్ వేరే రకం. పీఎన్‌పీ సెన్సర్ పెట్టెని చూడగానే నల్ల వైరు మీదికి ప్లస్ పంపిస్తుంది. ఆ కరెంటు ఇన్‌పుట్ గుండా వెళ్ళి సున్నాకి చేరాలి కాబట్టి కార్డు కామన్ టెర్మినల్ సున్నాకి కట్టి ఉండాలి. ఎన్‌పీఎన్ దీనికి తలకిందులు. అది నల్ల వైరుని సున్నాకి లాగుతుంది, కాబట్టి కామన్ ప్లస్‌కి ఉండాలి. కామన్ సున్నాకి కట్టిన కార్డుకి ఎన్‌పీఎన్ సెన్సర్ తగిలిస్తే, ఇన్‌పుట్‌కి ఆ చివరా సున్నా, ఈ చివరా సున్నా. కరెంటు ఎటు పోతుంది? సెన్సర్ లైటు మాత్రం చక్కగా వెలుగుతూ ఆరుతూ ఉంటుంది.

మీటర్‌తో తేల్చడం ఇలా. ఎర్ర ప్రోబ్ నల్ల వైరు మీద, నల్ల ప్రోబ్ పీఎల్‌సీ కార్డు కామన్ మీద పెట్టు. సెన్సర్ ముందు ఇనుప ముక్క పెట్టి తీస్తూ చూడు. కామన్ సున్నాకి ఉన్న కార్డు, పీఎన్‌పీ సెన్సర్ అయితే సున్నాకి దగ్గర నుంచి 22, 23 వోల్టులకి ఎగరాలి. ముక్క పెట్టినా తీసినా సున్నాలోనే ఉంటే, ఎర్ర ప్రోబ్‌ని అక్కడే ఉంచి నల్ల ప్రోబ్‌ని ప్లస్ మీదికి మార్చు. ఇప్పుడు ముక్క పెట్టినప్పుడు మైనస్ 24 కి దగ్గరగా కనిపిస్తే అది నల్ల వైరుని సున్నాకి లాగుతోంది, అంటే ఎన్‌పీఎన్. ముక్క తీసేసినా ఈ రీడింగ్ పెద్దగా మారకపోవచ్చు, ఎందుకంటే ఇన్‌పుట్ కూడా ఆ వైరుని సున్నా వైపే పట్టి ఉంచుతుంది. కాబట్టి నల్ల వైరుని కార్డు నుంచి విప్పి ఇంకోసారి చూస్తేనే నిక్కచ్చిగా తేలుతుంది.

సిరి_ఈఈఈ
నల్ల ప్రోబ్ కామన్ మీదే ఎందుకు మేడం? సెన్సర్ నీలం వైరు దగ్గర పెట్టినా అదే సున్నా కదా?

వాణి
అదే రెండో అనుమానం! అదే సున్నా అని ఎవరు చెప్పారు? సెన్సర్‌కి ఒక పవర్ సప్లై, పీఎల్‌సీకి ఇంకోటి ఉండి, రెండింటి సున్నాలు కలపలేదనుకో. నల్ల వైరుకీ నీలం వైరుకీ మధ్య కొలిస్తే 23 వోల్టులు నిక్షేపంగా వస్తాయి. "సిగ్నల్ వస్తోంది, కార్డు పోయింది" అని కొత్త కార్డు తెప్పిస్తారు. కొత్త కార్డూ పనిచేయదు. అదే నల్ల ప్రోబ్‌ని పీఎల్‌సీ కామన్ మీద పెట్టి ఉంటే అర్థం లేని అంకె ఏదో కనిపించేది, దొంగ అక్కడే దొరికేవాడు. ఇన్‌పుట్ చూసేది తన టెర్మినల్‌కీ తన కామన్‌కీ మధ్య తేడానే. మనమూ అక్కడే చూడాలి.

మెయింటెనెన్స్_బాబాయ్
వాణమ్మా, నాకు దీనికి తిరగబడిన కేసు తగిలింది, చెప్తా వినండి. మా లైన్‌లో పాత రెండు వైర్ల ప్రాక్సిమిటీలు ఉండేవి. ఏళ్ళ తరబడి బాగానే నడిచాయి. ఇన్‌పుట్ కార్డు ఒకటి పోతే వేరే మోడల్ వేశారు. ఆ రోజు నుంచి ఒక ఇన్‌పుట్ సరిగ్గా ఆరదు. ఎదురుగా ఏమీ లేకపోయినా ఒకసారి ఆన్, ఒకసారి ఆఫ్. రెండు ప్రాక్సిమిటీలు మార్చాం, కేబుల్ కూడా మార్చాం. చివరికి ఆఫ్‌లో ఉన్నప్పుడు ఇన్‌పుట్ టెర్మినల్ దగ్గర కొలిస్తే 6 వోల్టులు! అటు సున్నా కాదు, ఇటు 24 కాదు.

కిరణ్_04
అంటే సెన్సర్ పాడైనట్టే కదా బాబాయ్?

మెయింటెనెన్స్_బాబాయ్
కాదురా. రెండు వైర్ల సెన్సర్‌కి వేరే సప్లై వైరు ఉండదు కదా. ఆఫ్‌లో ఉన్నా తను బతకడానికి కొంచెం కరెంటు లాగుతూనే ఉంటుంది, అదంతా ఇన్‌పుట్ గుండానే పోవాలి. మాది ఒకటిన్నర మిల్లీఆంపు లీక్. కొత్త కార్డు 24 వోల్టులకి 6 మిల్లీఆంపులు తీసుకునే రకం, అంటే సుమారు 4 కిలో ఓమ్‌లు. 1.5 ని 4 తో గుణిస్తే 6 వోల్టులు. కార్డు పుస్తకంలో 5 వోల్టుల లోపే ఆఫ్, 15 దాటితేనే ఆన్ అని ఉంది. మధ్యలో ఉన్నదానికి వాళ్ళ పూచీ లేదు.

ఇన్‌పుట్‌కీ కామన్‌కీ మధ్య 4.7 కిలో ఓమ్‌ల రెసిస్టర్ ఒకటి పెట్టాం. రెండూ కలిపి సుమారు 2.16 కిలో ఓమ్‌లు, లీక్ అంతే, కాబట్టి 3.2 వోల్టులకి దిగింది. ఆ రోజుతో సరి. ఆన్‌లో ఉన్నప్పుడు రెసిస్టర్‌లో ఎనిమిదో వంతు వాట్ ఖర్చవుతుంది, అందుకని అర వాట్‌ది వేశాం. కొంతమంది పావు వాట్ చాలంటారు. ప్యానెల్ లోపల వేడికి నాకు మనసొప్పలేదు.

నైట్‌షిఫ్ట్
బాబాయ్ లెక్క కరెక్టే. కానీ ఇంటర్వ్యూలో ముందే రెసిస్టర్ అనకు సిరి. "ఆఫ్‌లో ఎంత వోల్టేజీ ఉందో కొలుస్తాను, కార్డు ఆఫ్ పరిమితితో పోలుస్తాను" అని చెప్పి అప్పుడు రెసిస్టర్ దగ్గరికి రా. కొలవకుండా మందు చెప్పేవాళ్ళంటే వాళ్ళకి పడదు.

పెట్టెలు లెక్కపెట్టే సెన్సర్ అన్నావు కాబట్టి ఒకటి అడిగే ఉంటారు: నెమ్మదిగా నడిస్తే లెక్క సరిపోతోంది, వేగం పెంచితే కొన్ని పోతున్నాయి, ఎందుకు?

సిరి_ఈఈఈ
అడిగారు! స్కాన్ టైమ్ అన్నాను. దానికి తలూపారు.

నైట్‌షిఫ్ట్
సగం మార్కులు పడ్డాయన్నమాట. 10 మిల్లీమీటర్ల వెడల్పున్న వస్తువు సెకనుకి 1 మీటరు వేగంతో పోతే సెన్సర్ ఆన్‌లో ఉండేది సుమారు 10 మిల్లీసెకన్లే. స్కాన్ 20 మిల్లీసెకన్లయితే పీఎల్‌సీ రెండుసార్లు ఇన్‌పుట్ చదివే మధ్యలో అది వచ్చి వెళ్ళిపోతుంది. అయితే స్కాన్ కంటే ముందు ఇన్‌పుట్ ఫిల్టర్ అడ్డుపడుతుంది. సీమెన్స్ ఎస్7-1200 పీఎల్‌సీలో అది మొదట్లో 6.4 మిల్లీసెకన్ల మీద ఉంటుంది. వస్తువుల మధ్య ఖాళీ కూడా అంతకంటే ఎక్కువసేపు ఉండాలి, లేకపోతే రెండు కలిసి ఒకటిగా కనిపిస్తాయి. ఫిల్టర్ తగ్గించి హైస్పీడ్ కౌంటర్ వాడాలి. ప్రోగ్రాం కొంచెం కుదిస్తే సరిపోతుందనుకోవడం పొరపాటు.

రఘు_ల్యాడర్
మూడోదానికి నేను చెప్తా. ఏ1లో 24, ఏ2లో 24. అంటే కాయిల్‌కి రెండు వైపులా ప్లస్ వస్తోంది, ఎవరో ఏ2కి ప్లస్ వైరు తప్పుగా కట్టారు. ఈసారి కరెక్టేనా?

వాణి
కాయిల్‌కి రెండు వైపులా ఒకే వోల్టేజీ ఉంది, అందుకే పడటం లేదు. అంతవరకు నూటికి నూరు పాళ్ళు నిజం. కానీ నిన్నటిదాకా నడిచిన ప్యానెల్‌కి రాత్రికి రాత్రి ఎవరు వచ్చి ప్లస్ కడతారండీ?

ఏ2 నుంచి సున్నాకి వెళ్ళే వైరు ఎక్కడో వదులైంది, లేదా తెగింది. ఇంటి ట్యాంకు నుంచి వచ్చే పైపులో చివరి కుళాయి కట్టేస్తే నీళ్ళు కదలవు, కానీ కుళాయి దాకా ఒత్తిడి ఉంటుంది కదా. అలాగే కరెంటు పారకపోతే కాయిల్‌లో వోల్టేజీ ఏమీ ఖర్చవదు. ఏ1లో ఉన్న 24 కాయిల్ దాటి ఏ2 దాకా వచ్చి ఆగిపోతుంది. మీటర్ తీసుకునే కరెంటు ఉందా లేదా అన్నంత తక్కువ కాబట్టి మొత్తం 24 చూపిస్తుంది.

అందుకే సిరి, నీ జవాబు తప్పైంది. కాయిల్ షార్ట్ అయి ఉంటే కరెంటు విపరీతంగా పారి ఫ్యూజు పోవడమో, అవుట్‌పుట్ రక్షణ పడటమో, సప్లై కుంగడమో జరిగేది. ఏ1 దగ్గర 24 నిలబడేది కాదు. ఇంకోటి, ఏ2లో 24 కనిపించిందంటే కాయిల్ తెగలేదని కూడా తెలిసిపోయింది. తెగి ఉంటే ఏ2కి 24 రాదు. కాయిల్ తెగి, ఏ2 వైరు బాగుంటే ఏ1లో 24, ఏ2లో 0 ఉంటాయి. రెండింటి మధ్య నేరుగా పెడితే నిండా 24 ఉంటుంది, అయినా కాంటాక్టర్ పడదు. అప్పుడు సప్లై తీసేసి, ఒక వైరు విప్పి, కాయిల్ ఓమ్‌లు చూడు.

సిరి_ఈఈఈ
ఒకవేళ ఏ1లోనే 0 వచ్చి ఉంటే? అవుట్‌పుట్ లైటు వెలుగుతోంది కదా, అప్పుడు వైరు తెగిందనాలా?

వాణి
అనొచ్చు, కానీ ముందు ఆ లైటుని నమ్మకు. చాలా కార్డుల్లో ఆ లైటు లాజిక్ వైపు నుంచి వెలుగుతుంది. "ప్రోగ్రాం ఆన్ చేయమంది" అన్నంతవరకే దాని సాక్ష్యం. అవుట్‌పుట్ గ్రూపుకి వేరేగా ఇచ్చే 24 వోల్టుల ఫ్యూజు పోయినా అది వెలుగుతూనే ఉంటుంది. కాబట్టి నల్ల ప్రోబ్‌ని సున్నా బస్ మీద కదలకుండా ఉంచి, ఎర్ర ప్రోబ్‌తో వెనక్కి నడువు. ముందు అవుట్‌పుట్ టెర్మినల్. అక్కడ 24 లేకపోతే గ్రూపు సప్లై, లేదా రిలే కార్డయితే లోపలి కాంటాక్ట్. అక్కడ ఉండి ఏ1లో లేకపోతే మధ్యలో ఉన్నవి ఒక్కొక్కటే చూడు.

మెయింటెనెన్స్_బాబాయ్
మధ్యలో ముందు చూడాల్సింది ఓవర్‌లోడ్ రిలే 95-96 కాంటాక్ట్. పది ఫోన్లలో సగం అదే. ఓవర్‌లోడ్ ట్రిప్ అయి ఉంటుంది, ఆపరేటర్ చూసుకోడు, "పీఎల్‌సీ పోయింది" అని ఫోన్ చేస్తాడు.

అన్నట్టు, మా దగ్గర కొన్ని పాత ప్యానెళ్ళలో ఆ 95-96ని ఏ2కీ సున్నాకీ మధ్య కట్టారు. అక్కడ ట్రిప్ అయితే సిరికి చెప్పిన రీడింగే వస్తుంది, రెండు వైపులా 24. కాబట్టి వైరు తెగిందని వెతికే ముందు ఓవర్‌లోడ్ చూడమ్మా.

వాణి
ఆ కట్టుబడి నాకు నచ్చదు బాబాయ్. ఏ2 నేరుగా సున్నాకి వెళ్ళాలి, కాంటాక్టులన్నీ ఏ1 వైపే ఉండాలి. ఏ2 వైపు కాంటాక్ట్ పెడితే, కాయిల్‌కీ కాంటాక్ట్‌కీ మధ్య వైరు బాడీకి తగిలిన రోజున సున్నా బస్ ఎర్త్‌కి కట్టి ఉంటే ఆ కాంటాక్ట్ తెరుచుకున్నా కాంటాక్టర్ ఆన్‌లోనే ఉంటుంది.

మెయింటెనెన్స్_బాబాయ్
ప్యానెల్ లోపల జానెడు వైరు, బాడీకి ఎక్కడ తగులుతుందమ్మా? ఇరవై ఏళ్ళుగా చూస్తున్నా, ఒక్కసారీ జరగలేదు.

వాణి
జరగలేదు కాబట్టి జరగదని నేను సంతకం పెట్టలేను 🙂

కిరణ్_04
ఇదంతా చదివాక పీడీఎఫ్ వద్దులే అనిపిస్తోంది. కానీ ఒక డౌట్. ముందు ల్యాప్‌టాప్ పెట్టి ఆన్‌లైన్ చూడాలా, మీటర్ తీయాలా?

నైట్‌షిఫ్ట్
ముందు కళ్ళు. కార్డు మీద లైట్లు చూస్తే సమస్య ఇన్‌పుట్ వైపా, ప్రోగ్రాం వైపా, అవుట్‌పుట్ వైపా అన్నది చాలావరకు తేలుతుంది. ఇన్‌పుట్లన్నీ సరిగ్గా ఉండి అవుట్‌పుట్ లైటు వెలగకపోతేనే ల్యాప్‌టాప్. అప్పుడు కూడా ముందు ఫోర్స్ ఏదైనా వేసి మర్చిపోయారేమో చూడు, ఆ తర్వాత అదే Q0.0 కాయిల్ ప్రోగ్రాంలో ఇంకో చోట ఉందేమో వెతుకు. రెండు చోట్ల ఉంటే కింద ఉన్నదే గెలుస్తుంది.

సిరి_ఈఈఈ
ఇవాళ కాలేజీ ల్యాబ్‌లో చేసి చూశాను. ఏ2 వైరు విప్పి కొలిస్తే ఏ1లో 23.8, ఏ2లో 23.8. నల్ల ప్రోబ్‌ని ఏ2 మీదికి మార్చి ఎర్రది ఏ1 మీద పెడితే 0. మా ల్యాబ్ అసిస్టెంట్‌ని అడిగితే ఆయనా కాయిల్ షార్ట్ అనే అన్నారు!

కానీ ఒకటి అర్థం కాలేదు. వైరు విప్పి, అవుట్‌పుట్ ఆఫ్ చేశాక కూడా ఏ1లో 9 వోల్టుల దాకా చూపించింది. మా పీఎల్‌సీది ట్రాన్సిస్టర్ అవుట్‌పుట్. ఇది బాబాయ్ చెప్పిన లీక్ లాంటిదేనా?

వాణి
లాంటిదే అయ్యుండొచ్చు. ఆఫ్‌లో ఉన్న ట్రాన్సిస్టర్ గుండా మైక్రోఆంపుల్లో కరెంటు కారుతుంది. లోడ్ లేనప్పుడు అది మీటర్‌లోకే వెళ్ళి అంకెగా కనిపిస్తుంది. ఏ2 వైరు మళ్ళీ కట్టి, అవుట్‌పుట్ ఆఫ్‌లో ఉంచి కొలువు. సున్నాకి దిగితే అదే. దిగకపోతే కార్డు మోడల్ నంబర్ ఇక్కడ పెట్టు, చూద్దాం.

సిరి_ఈఈఈ
రేపు ల్యాబ్ తెరవగానే చూసి చెప్తాను మేడం.